పక్కన పెట్టిన 67 ఎంట్రీలు: ఒక పాల బిల్లు ప్రోగ్రాం డైరీ

1వ రోజు

విజయనగరం దగ్గర ఒక చిల్లింగ్ సెంటర్‌కి ఏడు ఊళ్ల నుంచి పాలు వస్తాయి. ఊళ్లో పాలు పోయించుకునే కేంద్రంలో మెషీన్ ప్రతి రైతు నంబరు, లీటర్లు, ఫ్యాట్, కొవ్వు కాని ఘనపదార్థాలను చెప్పే ఎస్ఎన్ఎఫ్ రాసుకుంటుంది. పూటకో ఫైలు, అంటే రోజుకు 14 ఫైళ్లు. కొందరు పెన్‌డ్రైవ్‌ను ట్యాంకర్ డ్రైవర్ చేతికిస్తారు, కొందరు వాట్సాప్‌లో పంపుతారు. రాత్రి తొమ్మిదింటికి నేను రాసిన పైథాన్ ప్రోగ్రాం వాటన్నిటినీ చదివి రైతుల ఖాతాల్లో ఎక్కిస్తుంది. పది రోజులకోసారి బిల్లు.

ప్రోగ్రాం బాగానే నడుస్తోందని నా నమ్మకం. నిన్న రాత్రి పని అయ్యాక తెరమీద వచ్చింది ఇది:

```
Done. 896 rows, 829 ok, 67 skipped
```

పొద్దున్నే లెక్కలు చూసే అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, ఆ అరవై ఏడూ ఏటివి? ఎవరి పాలు వదిలేసినట్టు?"

నా దగ్గర జవాబు లేదు. ఏదో ఒక కారణంతోనే ప్రోగ్రాం వాటిని దాటేసింది. ఆ కారణం ఏమిటో దానికి ఆ క్షణంలో తెలుసు, కానీ ఎక్కడా రాసుకోలేదు. ఫైళ్లు మళ్లీ తెరిచి, ఒక్కొక్కటీ చేత్తో పోల్చి చూడటానికి నాకు మధ్యాహ్నం దాకా పట్టింది.

తేలింది ఇది. 58 ఎంట్రీలు ముందురోజు సాయంత్రానివి. ఒక కేంద్రం వాళ్లు పెన్‌డ్రైవ్‌లో పాత ఫైలు తీసేయకుండా కొత్తది వేశారు, అందుకని పాతది మళ్లీ వచ్చింది. అవి ఖాతాల్లో ఎప్పుడో ఎక్కాయి, ఎవరికీ నష్టం లేదు. రెండు ఎంట్రీలు మెషీన్ కడిగాక నీళ్లతో పరీక్షించినవి, ఫ్యాట్ సున్నా. అవీ అక్కర్లేనివే. మిగిలిన తొమ్మిదీ నిజమైన పాలు. నాలుగింటిలో రైతు నంబరు మన జాబితాలో లేదు, మూడింటిలో ఫ్యాట్ ఖాళీ. అదెలా, నాలుగూ మూడూ ఏడే కదా అని మళ్లీ లెక్క పెట్టాను. 58, 2, 4, 3 కలిపితే 67. అంటే తొమ్మిది అనుకోవడం నా పొరపాటు, నిజమైన పాలు ఏడు ఎంట్రీలే. చేత్తో లెక్క పెడితే నాకే ఇలా తప్పింది. ఈ పని ప్రోగ్రామే చెయ్యాలి, రోజూ చెయ్యాలి.

ఏడుగురికి పాల డబ్బులు రావాలి. ఆ ఏడూ అరవై ఏడులో కలిసిపోయి కనబడకుండా ఉన్నాయి.

2వ రోజు

కోడ్ ముట్టుకోలేదు. అక్క పక్కన కూర్చుని మాటలు రాసుకున్నాను.

మొదట నేను రాసుకెళ్లిన ముక్క: "దొరికినవి 896, ప్రాసెస్ అయినవి 829, వదిలేసినవి 67." అక్క చదివి, "దొరికినవంటే పోయినవి దొరికాయా?" అంది. నిజమే, తెలుగులో దొరకడం అంటే వెతికితే కనిపించడం. "ఫైళ్లలో ఉన్నవి" అని మార్చాం. ప్రాసెస్ అయినవి అనే మాటకి, "ప్రాసెస్ అయితే ఏటైంది, బిల్లులోకి వచ్చీసినట్టా, రానట్టా?" అని అడిగింది. తనకి కావలసింది అదొక్కటే. "బిల్లులో చేరినవి" అని రాశాం.

ఎక్కువసేపు పట్టింది మూడో మాట దగ్గర. "వదిలేసినవి" అంటే ఇక వాటితో పని లేదనే అర్థం వస్తుంది. 58 పాత ఎంట్రీలకి ఆ మాట సరిపోతుంది, ఫ్యాట్ ఖాళీగా ఉన్న ముగ్గురికి సరిపోదు. వాళ్ల పాలు మనం వదిలెయ్యలేదు, తేలేదాకా ఆపాం. ఆ రెండింటికీ ఒకే పేరు పెట్టడమే అసలు తప్పని అప్పుడు తెలిసింది. అక్కర్లేనివి "చేర్చనక్కర లేనివి". తేలవలసినవి "పక్కన పెట్టినవి". పక్కన పెట్టింది ఏదైనా మళ్లీ చేతిలోకి తీసుకోవాలని ఎవరికీ చెప్పక్కర్లేదు.

కారణాలు కూడా అలాగే. నా కోడ్‌లో `MEMBER_NOT_FOUND` అని ఉంది. అక్క రాయించింది: "రైతు నంబరు 0912 మన జాబితాలో లేదు. కేంద్రానికి ఫోన్ చేసి పేరు అడగండి." మొదటి వాక్యం ఏం జరిగిందో చెబుతుంది, రెండోది ఎవరు ఏం చెయ్యాలో చెబుతుంది. "ఏం చెయ్యాలి" అనే వాక్యం రాయలేకపోతే ఆ కారణం నాకే ఇంకా అర్థం కాలేదన్నమాట. "డేటా సరిగా లేదు" అని ఒక కారణం పెట్టుకున్నాను, దానికి రెండో వాక్యం ఎంత ఆలోచించినా రాలేదు. విడదీస్తే అందులో మూడు వేరువేరు సంగతులు ఉన్నాయి: ఫ్యాట్ రాయలేదు, లీటర్లు అంకె కాదు, తేదీ ఈ రోజుది కాదు.

ఒక ఎంట్రీలో రెండు లోపాలు ఉంటే? నంబరూ లేదు, ఫ్యాటూ లేదు అనుకుందాం. రెండు కారణాల కిందా లెక్కపెడితే మొత్తం ఎంట్రీల కన్నా కారణాల మొత్తం ఎక్కువై లెక్క కుదరదు. అందుకని ఒక ఎంట్రీకి ఒకటే కారణం, మొదట తగిలినది. ఏది ముందు చూడాలన్నది అక్క చెప్పింది: "మనిషెవరో తెలీకుండా ఫ్యాట్ ఎవర్ని అడుగుతాం?" నంబరు ముందు, లీటర్లు తర్వాత, ఫ్యాట్ చివర.

చిన్న చిక్కు ఒకటి. తెలుగు మాట ముందు, అంకె వెనక పెట్టి ఖాళీలతో వరసగా సర్దాలని చూశాను. పైథాన్ ఖాళీలు వేసేటప్పుడు అక్షరాల కోడ్‌లు లెక్కపెడుతుంది, తెరమీద అవి ఆక్రమించే వెడల్పు కాదు. గుణింతాలు, ఒత్తులు ఉన్న మాటల దగ్గర అంకెలు వంకరగా పడ్డాయి. అంకె ముందు, మాట తర్వాత పెడితే ఆ బాధ పోయింది. ఫైలులో రాసేటప్పుడు `encoding="utf-8-sig"` అని ఇచ్చాను, లేకపోతే అక్క ఎక్సెల్‌లో తెరిచినప్పుడు తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తున్నాయి.

4వ రోజు

లెక్క సరిపోయిందో లేదో సారాంశమే చెప్పాలని పెట్టాను. ఫైళ్లలో ఉన్నవన్నీ ఎక్కడో ఒకచోట తేలాలి: చేరినవి, అక్కర్లేనివి, పక్కన పెట్టినవి.

ఇక్కడ ఒక తేలిక దారి ఉంది, అది తప్పుదారి. మూడూ కూడి దాన్నే "ఫైళ్లలో ఉన్నవి" అని రాసేస్తే లెక్క ఎప్పుడూ సరిపోతుంది, ఏదీ పట్టివ్వదు. అందుకని ఆ మొదటి అంకెను ఫైలు చదివే చోటే, ఎంట్రీని ఇంకా పరీక్షించకముందే లెక్కపెట్టాలి.

```python
for row in reader:
    found += 1
    reason = check(row)
    if reason:
        aside[reason].append((fname, reader.reader.line_num))
    else:
        post(row)
        added += 1

lost = found - added - sum(len(v) for v in aside.values())
```

`lost` సున్నా కావాలి. `aside` లోనే అక్కర్లేనివి, తేలవలసినవి రెండూ ఉంటాయి, అచ్చు వేసేటప్పుడు కారణాన్నిబట్టి విడదీస్తాను.

మొదటి రాత్రే 3 వచ్చింది. ఫైళ్లలో 842, చేరినవి 835, పక్కన పెట్టినవి 4. సారాంశం కింద "3 ఎంట్రీలు ఎటు పోయాయో తెలియలేదు, ప్రోగ్రాం రాసినతన్ని పిలవండి" అని పడింది. అక్క పిలిచింది.

వెతికితే ఫైలు చదివే లూప్‌లోనే మూడు నెలల కిందట నేను రాసిన `except ValueError: continue` దొరికింది. లీటర్ల గడిలో అంకె కానిది ఉంటే ప్రోగ్రాం ఆగిపోకూడదని రాశాను. ఒక కేంద్రంలో కరెంటు పోయిన రోజు చేత్తో టైపు చేస్తారు, "5..4" అని చుక్క రెండుసార్లు పడింది. `float` ఒప్పుకోలేదు, `continue` దాన్ని చప్పుడు కాకుండా దాటేసింది. మూడు నెలలుగా అలా దాటినవి ఎన్నో లెక్క తియ్యడానికి పాత ఫైళ్లన్నీ మళ్లీ చదివించాను. దొరికినవన్నీ అక్కకి ఇచ్చాను, ఆ డబ్బులు వచ్చే బిల్లులో వేస్తానంది. ఇప్పుడా చోట `continue` లేదు, "లీటర్లు అంకె కాదు" అనే కారణంతో పక్కన పెడుతుంది.

6వ రోజు

ఈ రోజు సారాంశం ఉన్నదున్నట్టు:

```
838  ఫైళ్లలో ఉన్నవి
771  బిల్లులో చేరినవి
  3  చేర్చనక్కర లేనివి (నీళ్ల పరీక్ష)
 64  పక్కన పెట్టినవి. మీరు చూడాలి
లెక్క సరిపోయింది: 771 + 3 + 64 = 838
```

మామూలుగా నాలుగో ఐదో ఉండే చోట 64. కింద వివరాల్లో ఒక్కో ఎంట్రీకి ఒక్కో లైను చొప్పున, "రైతు నంబరు 47 మన జాబితాలో లేదు, కేంద్రానికి ఫోన్ చేసి పేరు అడగండి" అని వరసగా రెండు పేజీలు. అక్క నిజంగానే ఫోన్ చేసి పేర్లు అడగడం మొదలుపెట్టింది. పదిమంది అయ్యాక కేంద్రం నడిపే మావయ్య విసుక్కున్నాడట: "అమ్మా, వీళ్లంతా పదేళ్లుగా పాలు పోస్తన్నోళ్లే కదా."

64లో 61 ఒకే కేంద్రానివి, ఒకే పూటవి. ఆ ఫైలులో ఉన్నవే 61. జాబితాలో నంబరు 0047, ఫైలులో 47. మావయ్య కొడుకు ఫైలును ఎక్సెల్‌లో తెరిచి చూసి, మూసేటప్పుడు సేవ్ నొక్కాడు. ఎక్సెల్ 0047ని అంకె అనుకుని ముందున్న సున్నాలు తీసేస్తుంది.

నంబరుకి ముందు సున్నాలు చేర్చుకోవడం ఒక్క లైను పని, `zfill(4)`. అది పెట్టేశాను. కానీ నన్ను ఆలోచింపజేసింది సారాంశం. అది చెప్పిన ప్రతి వాక్యమూ నిజమే, అయినా అక్కని తప్పు పనికి పంపింది. ఒక ఫైలులో ఒకరిద్దరి నంబరు దొరక్కపోతే అది మనుషుల సంగతి, ఫోన్ చెయ్యాలి. ఫైలు మొత్తం దొరక్కపోతే అది ఫైలు సంగతి, ఆ 61 మందిలో ఎవరికి ఫోన్ చేసినా లాభం లేదు. కాబట్టి కారణాలను ఫైలు వారీగా గుంపు చేసి, ఒకే కారణం ఫైలులో సగానికి మించి ఉంటే విడి లైన్లు ఆపి ఒకటే మాట చెప్పేలా మార్చాను. `zfill` తీసి అదే ఫైళ్లతో మళ్లీ నడిపితే:

```
61  3వ కేంద్రం, ఉదయం: ఫైలులోని 61 ఎంట్రీల్లో ఒక్క
    రైతు నంబరూ జాబితాలో లేదు. తేడా ఫైలులోనే ఉంది.
    ఎవరికీ ఫోన్ చెయ్యొద్దు, ఫైలు మళ్లీ పంపమనండి.
 2  ఫ్యాట్ రాయలేదు: 1వ కేంద్రం, ఉదయం, లైన్లు 18, 40
 1  రైతు నంబరు 0912 జాబితాలో లేదు: 6వ కేంద్రం, లైను 7
```

సగం అన్నది నా ఊహ మాత్రమే. ఇప్పటిదాకా చూసినవి ఒకటి రెండు ఎంట్రీలు, లేదంటే మొత్తం ఫైలు. మధ్యలో ఉన్నది రాలేదు.

లైను నంబరు ఇవ్వడం అక్కకి బాగా నచ్చింది. మొదట నేను ఎంట్రీ వరస సంఖ్య ఇచ్చేవాడిని. పైన శీర్షిక లైను ఉంటుంది, మధ్యలో ఖాళీ లైన్లను పైథాన్ `DictReader` తనంతట తనే దాటేస్తుంది, దాంతో అక్క నోట్‌ప్యాడ్‌లో వెతికే లైనుకీ నా అంకెకీ పొంతన ఉండేది కాదు. `reader.reader.line_num` అసలు ఫైలులోని లైనునే చెబుతుంది.

9వ రోజు, సిరిమాను

పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ఊరంతా కోట దగ్గరే. మధ్యాహ్నం దాకా నేనూ అక్కడే నిలబడ్డాను, రాత్రికి ఇంటికొచ్చి సారాంశం చూశాను. లెక్క సరిపోయింది, పక్కన పెట్టినవి 2. ఇంత మంచి రోజు ఎప్పుడూ లేదు. కానీ ఫైళ్లలో ఉన్నవి 724.

నూటికి పైగా తక్కువ, దాని గురించి సారాంశంలో ఒక్క ముక్క లేదు. రాని ఫైలులో ఎంట్రీ ఉండదు, లేని ఎంట్రీకి కారణం ఉండదు. ఉన్నవాటి లెక్క ఎంత జాగ్రత్తగా చెప్పినా రానివాటి సంగతి అందులోంచి బయటపడదు. రావలసినవి ఏమిటో ప్రోగ్రాంకి ముందే తెలిసి ఉండాలి.

ఏడు కేంద్రాలు, రెండు పూటలు ఒక చిన్న పట్టికలో రాసి, సారాంశం మొదట్లోనే పెట్టాను. మళ్లీ నడిపితే:

```
14లో 13 ఫైళ్లు వచ్చాయి
రానిది: 5వ కేంద్రం, సాయంత్రం. పంపమని అడగండి.
ఫైలు వచ్చింది, అందులో ఎంట్రీలు లేవు: 2వ కేంద్రం, సాయంత్రం.
```

రెండో కేంద్రం వాళ్లు పండక్కి సాయంత్రం పాలు పోయించుకోలేదు, మెషీన్ శీర్షిక ఒక్కటే ఉన్న ఫైలు ఇచ్చింది. ఐదో కేంద్రంలో పాలు పోయించుకున్నారు, జాతరకి వచ్చే హడావుడిలో పంపడం మరిచారు. రెండూ "0" గానే కనిపిస్తాయి, ఒకదాని వెనక ఏ పాలూ లేవు, మరోదాని వెనక యాభై ఇళ్ల పాలున్నాయి. ఫైలు మర్నాడు వచ్చింది, ఎక్కింది.

12వ రోజు

రాత్రి `database is locked` అని ఆగిపోయింది. అక్క ఖాతాల ఫైలును వేరే ప్రోగ్రాంలో తెరిచి మధ్యలో వదిలేసిందట. ఆగిపోయినా సారాంశం రావాలని ముందే `finally` లో పెట్టుకున్నాను, వచ్చింది. కానీ అది చెప్పింది తప్పు. చేరినవి 412 అంది, ఖాతాలు తీసి చూస్తే 360.

ఒక్కో ఫైలు ఎంట్రీలన్నీ అయ్యాక ఒకేసారి `commit` చేస్తాను, మధ్యలో ఆగితే ఆ ఫైలువి వెనక్కి పోతాయి. కానీ `added` ఎంట్రీ ఎంట్రీకీ పెరుగుతోంది. ఆగిన ఫైలులోని 52 ఖాతాల్లో నిలవలేదు, అంకెలో మాత్రం నిలిచాయి. ఇప్పుడు ఫైలుకి విడిగా లెక్కపెట్టి, `commit` అయ్యాకే మొత్తంలో కలుపుతున్నాను. మధ్యలో ఆగితే మొదటి లైను "పని మధ్యలో ఆగింది. 6 ఫైళ్లు పూర్తయ్యాయి, 8 మిగిలాయి. మళ్లీ నడపండి, చేరినవి రెండోసారి చేరవు" అని వస్తుంది.

కరెంటు పోయి కంప్యూటరే ఆరిపోతే `finally` కూడా నడవదు. అందుకని మొదలుపెట్టగానే ఫైలులో "మొదలైంది" అని ఒక లైను పడుతుంది. కింద ఏమీ లేకుండా అదొక్కటే ఉంటే పని పూర్తికాలేదని అక్కకి చెప్పాను.

15వ రోజు

ఇది రాయడానికి కొంచెం కష్టంగా ఉంది.

"రెండోసారి చేరవు" అని అంత గట్టిగా రాశాక, అది నిజమేనా అని "ఇప్పటికే చేరినవి" అనే కారణం కింద పడ్డవాటిని చూశాను. వాటిని ఎవరూ చూడరు, చూడనక్కర లేదని మేమే పేరు పెట్టాం. ఫైలు వారీగా విడదీసి ఉండబట్టి కంటబడింది: 4వ కేంద్రం ఉదయం ఫైలులో 60 ఎంట్రీలు, అందులో 58 చేరాయి, 2 "ఇప్పటికే చేరాయి". పాత ఫైలు మళ్లీ వస్తే అన్నీ ఇప్పటికే చేరినవి కావాలి. కొత్త ఫైలైతే ఒక్కటీ కాకూడదు. రెండు ఎందుకు?

ముందు రోజుల్లోనూ అదే కేంద్రంలో ఒకటో రెండో. కేంద్రానికి వెళ్లాను. పాలు పోసే ఒక పెద్దమ్మ రెండు క్యాన్లు తెచ్చింది, ఒకదానిలో గేదె పాలు, ఒకదానిలో ఆవు పాలు. ఫ్యాట్ వేరు, ధర వేరు కాబట్టి కలపకుండా విడిగా పోస్తారు. మెషీన్ రెండు ఎంట్రీలు రాసింది, రెండు స్లిప్పులు ఇచ్చింది. నా ప్రోగ్రాం ఒకే ఎంట్రీ అని గుర్తుపట్టేది కేంద్రం, తేదీ, పూట, రైతు నంబరు చూసి. నాలుగూ ఒకటే. మొదటి క్యాను చేరింది, రెండోది "ఇప్పటికే చేరింది".

"నాకు ఆవు పాల డబ్బులు తక్కువొస్తన్నాయని చెప్పినాను బాబూ, బిల్లు అలాగే వచ్చిందన్నారు" అంది పెద్దమ్మ. ఆమె చెప్పింది ముందునుంచీ నిజం.

ఫైళ్లు మూడు నెలలవి మాత్రమే ఉన్నాయి. వాటిలో ఇద్దరు రైతులవి ఇలా పోయిన ఎంట్రీలన్నీ తీసి, తేదీ, స్లిప్ నంబరు, లీటర్లతో కాగితం మీద అచ్చు వేసి అక్కకి ఇచ్చాను. అంతకు ముందువాటికి వాళ్ల దగ్గరున్న స్లిప్పులే ఆధారం. పెద్దమ్మ దేవుడి పటం వెనక దాచినవి తెచ్చి చూపించింది, అవీ లెక్కలో కలిపాం.

కోడ్‌లో మార్చింది: ఎంట్రీ ప్రతి గడీ, అంటే స్లిప్ నంబరు, లీటర్లు, ఫ్యాట్, పాల రకం అన్నీ ఒకటైతేనే "ఇప్పటికే చేరింది". రైతూ పూటా ఒకటై, స్లిప్ నంబరు వేరైతే అది ఇంకో క్యాను, మామూలుగా చేర్చాలి. స్లిప్ నంబరు ఒకటే, లీటర్లు వేరు అయితే ఎవరో దిద్దారు, లేదా కరెంటు పోయొచ్చాక మెషీన్ నంబర్లు మొదటినుంచి మొదలుపెట్టింది. నేను నిర్ణయించలేను, పక్కన పెట్టి రెండు అంకెలూ పక్కపక్కన చూపిస్తాను. ఇంకా ఒక లైను చేర్చాను: ఒక ఫైలులో కొన్నే ఇప్పటికే చేరినవైతే, అవి "అక్కర్లేనివి" కింద కాక "మీరు చూడాలి" కింద వస్తాయి.

18వ రోజు

అక్క అడిగింది, "పక్కన పెట్టినవి సున్నా అయితే బిల్లు కరెక్టేనా?" కాదని చెప్పాను. ఫ్యాట్ 6.2 బదులు 2.6 అని చేత్తో కొడితే అది అంకే, ప్రోగ్రాం చేర్చేస్తుంది. సారాంశం చెప్పేది ప్రతి ఎంట్రీ ఎటు వెళ్లిందన్నది, ఎంట్రీలో ఉన్నది నిజమా కాదా అన్నది కాదు. ఆ వాక్యాన్ని సారాంశం కింద పెట్టమంది, పెట్టాను. ఒక రైతు ఫ్యాట్ తన గత పది రోజుల సగటుకి బాగా దూరంగా ఉంటే విడిగా చూపించాలని ఉంది, ఎంత దూరమైతే బాగా దూరమో కేంద్రాల వాళ్లతో మాట్లాడాకే మొదలుపెడతాను.

నిన్న బిల్లు రోజు. 14 ఫైళ్లూ వచ్చాయి, 846 ఎంట్రీలు, 845 చేరాయి, 1 పక్కన ఉంది: ఫ్యాట్ రాయలేదు, 7వ కేంద్రం, సాయంత్రం, లైను 33. అక్క నా ముందే ఫోన్ తీసి ఆ కేంద్రానికి చేసింది. అవతల స్లిప్పుల కట్ట వెతుకుతున్న చప్పుడు వినిపించింది, కాసేపటికి "ఐదు పాయింట్ ఎనిమిదమ్మా" అన్నారు.